ఎస్‌ఓడబ్ల్యూ నుంచి కిక్‌ఆఫ్ చెక్‌లిస్ట్ దాకా: ఒక పేరోల్ ప్రాజెక్టు ఒప్పందాన్ని వాక్యం వాక్యంగా విప్పి చూస్తే

సాఫ్ట్‌వేర్ సేవల్లో ఏ పని, ఎంత ధరకు, ఎప్పటిలోగా చేయాలో చెప్పే ఒప్పంద పత్రం స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్, పొట్టిగా ఎస్‌ఓడబ్ల్యూ. దాన్ని రాసేవాళ్లు వేరు, దాని ప్రకారం పని చేసేవాళ్లు వేరు. ప్రీసేల్స్ వాళ్లు రాస్తారు, లీగల్ వాళ్లు సరిదిద్దుతారు, కొనే కంపెనీ పర్చేజ్ విభాగం ధర తగ్గించే క్రమంలో కొన్ని వాక్యాలు కొట్టేసి కొన్ని చేరుస్తుంది. సంతకాలు అయ్యేసరికి రాసినవాళ్లు మరో డీల్‌లో ఉంటారు. డెలివరీ టీమ్ చేతికి ఇరవై పైచిలుకు పేజీల పీడీఎఫ్ వస్తుంది. క్లయింట్‌తో కలిసి ప్రాజెక్టు మొదలుపెట్టే కిక్‌ఆఫ్ మీటింగ్‌కు వారం గడువుంటుంది. ఆ వారంలో ఎస్‌ఓడబ్ల్యూలోంచి మూడు రకాల విషయాలు బయటికి తీయాలి. ఏం ఇవ్వాలి అన్నవి డెలివరబుల్స్. ఇచ్చినదాన్ని ఒప్పుకోవాలంటే ఏం రుజువు కావాలి అన్నవి యాక్సెప్టెన్స్ క్రైటీరియా. ఏవి నిజమని నమ్మి ఈ ధర, ఈ గడువు చెప్పారు అన్నవి అజంప్షన్స్.

చాలా టీములు డెలివరబుల్స్ మీద ఎక్కువ సమయం పెట్టి, అజంప్షన్స్ పేజీని పైపైన చదివి వదిలేస్తాయి. అసలు నష్టం వచ్చేది ఆ పేజీ నుంచే. ఒక అజంప్షన్ తప్పితే దాని స్థానంలో కొత్త పని పుట్టుకొస్తుంది. ఆ పనికి ఒప్పందంలో ధర ఉండదు, గడువు ఉండదు, అది పూర్తయిందని చెప్పే పరీక్షా ఉండదు. ఇది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూడాలి. ఉదాహరణలోని కంపెనీలు కల్పితం. ఒప్పందంలోని వాక్యాలు మాత్రం పేరోల్ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే రకం.

ఒక తయారీ కంపెనీకి పాశమైలారంలో ఒక ప్లాంటు, విశాఖపట్నంలో ఒక ప్లాంటు ఉన్నాయి. రెండూ కలిపి 1,800 మంది ఉద్యోగులు. పాత పేరోల్ సాఫ్ట్‌వేర్ వదిలేసి కొత్తదానికి మారాలని ఒక హైదరాబాద్ ఐటీ సంస్థతో ఫిక్స్‌డ్ ప్రైస్ ఒప్పందం చేసుకుంది. ఇక్కడ తయారీ కంపెనీ క్లయింట్, ఐటీ సంస్థ వెండర్. సంతకాలు 2025 సెప్టెంబర్‌లో, కిక్‌ఆఫ్ అక్టోబర్ మొదటివారంలో, కొత్త సిస్టమ్ నిజంగా వాడకంలోకి వచ్చే గో-లైవ్ 2026 ఏప్రిల్ 1న. జనవరి, ఫిబ్రవరి జీతాలను పాత, కొత్త సిస్టమ్‌లు రెండింటిలోనూ నడిపి పోల్చాలి, దీన్నే ప్యారలల్ రన్ అంటారు. ఎస్‌ఓడబ్ల్యూలో స్కోప్, పని విధానం, డెలివరబుల్స్, టైమ్‌లైన్, అజంప్షన్స్, యాక్సెప్టెన్స్, చెల్లింపులు, వారంటీ అని విడివిడి సెక్షన్లు ఉన్నాయి. ఈ సెక్షన్ల పేర్లను నమ్మకపోవడంతోనే పని మొదలవుతుంది.

ముందు కాగితాలు, తర్వాత వాక్యాలు

చేతిలో ఉన్నది సంతకాలు పడిన ప్రతేనా అన్నది మొదట చూడాలి. మెయిల్లో తిరిగే వర్డ్ ఫైళ్లలో చివరి బేరం నాటి మార్పులు ఉండకపోవచ్చు. తర్వాత రెండు కంపెనీల మధ్య అన్ని పనులకూ వర్తించే మూల ఒప్పందం, అంటే మాస్టర్ సర్వీసెస్ అగ్రిమెంట్ తెరిచి, రెండు పత్రాలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉంటే ఏది చెల్లుతుందో చెప్పే క్లాజు వెతకాలి. మన ఉదాహరణలో మాస్టర్ అగ్రిమెంట్ ప్రకారం క్లయింట్‌కు పరిశీలన గడువు 10 పనిదినాలు, ఎస్‌ఓడబ్ల్యూ ప్రకారం 5. మాస్టర్ అగ్రిమెంట్‌దే పైచేయి అని రాసి ఉంటే ప్రాజెక్టు ప్లాన్‌లో ప్రతి ఆమోదానికీ ఒక వారం అదనంగా పడుతుంది. పది డెలివరబుల్స్ ఒకదాని తర్వాత ఒకటి ఆమోదం పొందాల్సిన ప్లాన్‌కు అది పది వారాల తేడా. చెక్‌లిస్ట్‌లో మొదటి వరుసగా ఈ క్లాజే ఉండాలి.

ఆ తర్వాత ఎస్‌ఓడబ్ల్యూ మొత్తాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి దించాలి, ఒక్కో వాక్యానికి ఒక్కో వరుస. మొదటి కాలమ్‌లో క్లాజు నంబర్, రెండో కాలమ్‌లో ఒప్పందంలోని వాక్యం అక్షరం మార్చకుండా, మూడో కాలమ్‌లో గుర్తు, నాలుగో కాలమ్‌లో సొంత మాటల్లో అర్థం. టేబుళ్లలోని ప్రతి గడినీ, ఫుట్‌నోట్లనూ వాక్యాలుగానే లెక్కించాలి. ఇరవై పైచిలుకు పేజీలకు మూడు నాలుగు వందల వరుసలు రావచ్చు, ఒక మనిషికి దాదాపు ఒక రోజు పని. అసలు వాక్యం, దాని అర్థం రెండు వేర్వేరు కాలమ్‌లలో ఉండటం తప్పనిసరి. సొంత మాటల్లో రాసింది మాత్రమే మిగిలితే మూడు వారాల తర్వాత వాదన అంతా ఆ మాటల మీద జరుగుతుంది, ఒప్పందం మీద జరగదు.

గుర్తులు మూడు చాలు: డెలివరబుల్‌కు D, క్రైటీరియాకు C, అజంప్షన్‌కు A. ఒకే వాక్యానికి రెండు మూడు గుర్తులు పడొచ్చు. ఉదాహరణకు పని విధానం సెక్షన్‌లోని ఈ వాక్యం: "క్లయింట్ సరిచూసి ఇచ్చిన మాస్టర్ డేటా ఆధారంగా, గత మూడేళ్ల పేస్లిప్ చరిత్రతో సహా ఉద్యోగుల డేటాను వెండర్ కొత్త సిస్టమ్‌లోకి మారుస్తుంది, తేడా 1 శాతానికి మించదు." సరిచూసిన డేటా క్లయింట్ ఇస్తుందన్నది అజంప్షన్. మార్చిన డేటా, మూడేళ్ల పేస్లిప్పులు రెండు డెలివరబుల్స్. 1 శాతం అన్నది క్రైటీరియా. ఈ వాక్యం ఉన్నది డెలివరబుల్స్ సెక్షన్‌లో కాదు, అజంప్షన్స్ సెక్షన్‌లోనూ కాదు. సెక్షన్ శీర్షికలు చూసి కాపీ చేసుకునేవాళ్లకు ఇది కనిపించనే కనిపించదు.

ఇద్దరు మనుషులు విడివిడిగా గుర్తులు పెట్టి, తర్వాత పోల్చుకోవడం మంచి పద్ధతి. ఇద్దరూ ఒకే గుర్తు పెట్టిన వరుసల్లో సమస్య పెద్దగా ఉండదు. వేర్వేరు గుర్తులు పెట్టిన వాక్యాలే రేపు క్లయింట్ కూడా వేరుగా చదవబోయే వాక్యాలు. వాటిని అక్కడే రంగు వేసి పక్కన పెట్టాలి.

డెలివరబుల్ అంటే చేతికి ఇవ్వగలిగేది

ఒక వాక్యం డెలివరబులా, కేవలం చేయాల్సిన పనా అని తేల్చడానికి ఒక పరీక్ష సరిపోతుంది: దానికి వెర్షన్ నంబర్, తేదీ వేసి ఫలానావారికి ఫలానారోజు అప్పగించామని చెప్పగలమా? కాన్ఫిగరేషన్ డాక్యుమెంట్‌కు చెప్పగలం. "యూజర్ టెస్టింగ్‌కు వెండర్ సపోర్ట్ చేస్తుంది" అన్నదానికి చెప్పలేం. సపోర్ట్, అసిస్ట్, ఫెసిలిటేట్, కోఆర్డినేట్ అనే క్రియలున్న వాక్యాలకు అంతు ఉండదు. వాటిని వదిలేయకూడదు, డెలివరబుల్‌గానూ రాసుకోకూడదు. ఎంతమంది, ఎన్ని రోజులు, దాని చివర చేతికొచ్చేది ఏమిటి అన్న ప్రశ్నతో ఓపెన్ వరుసగా ఉంచాలి. పేరోల్‌లో యూజర్ టెస్టింగ్ సపోర్ట్ అంటే టెస్ట్ కేసులు రాసేది కూడా వెండరే అని క్లయింట్ హెచ్‌ఆర్ అనుకుంటుంది, క్లయింటే రాసుకుంటుందని వెండర్ అనుకుంటాడు. జనవరిలో టెస్టింగ్ మొదలయ్యే రోజున ఎవరి దగ్గరా టెస్ట్ కేసులు ఉండవు.

మన ఎస్‌ఓడబ్ల్యూలో డెలివరబుల్స్ సెక్షన్‌లో ఆరు ఉన్నాయి: అవసరాల పత్రం, కాన్ఫిగరేషన్ డాక్యుమెంట్, కాన్ఫిగర్ చేసిన సిస్టమ్, మార్చిన డేటా, ట్రైనింగ్, గో-లైవ్ తర్వాత ఒక నెల దగ్గరుండి చూసుకునే హైపర్‌కేర్. మిగతా సెక్షన్లు చదివితే మరికొన్ని బయటపడతాయి. స్కోప్ సెక్షన్‌లో బ్యాంకుకు పంపే జీతాల ఫైలు, పీఎఫ్ కోసం ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో నెలనెలా ఎక్కించే ఈసీఆర్ ఫైలు ఉన్నాయి. గవర్నెన్స్ పేరాలో వారంవారం స్టేటస్ రిపోర్ట్ ఉంది. టైమ్‌లైన్ టేబుల్‌లో, పాత సిస్టమ్ ఆపి కొత్తదానికి ఎలా మారాలో చెప్పే కటోవర్ ప్లాన్ అని ఒక గడి ఉంది. వారంటీ సెక్షన్‌లో తప్పుల రిజిస్టర్ నిర్వహించాలని ఉంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది చెల్లింపుల టేబుల్. "ప్యారలల్ రన్ రిపోర్ట్‌పై సంతకం అయ్యాక 25 శాతం" అని అందులో ఉంది. ప్యారలల్ రన్ రిపోర్ట్ అనే పేరు డెలివరబుల్స్ సెక్షన్‌లో లేదు. అంటే ఒప్పందం విలువలో పావు వంతు, ఎవరి ప్లాన్‌లోనూ లేని, నమూనా తెలియని ఒక కాగితం మీద ఆధారపడి ఉంది. అందుకే డెలివరబుల్స్ జాబితా పూర్తయ్యాక చెల్లింపుల టేబుల్ తీసుకుని వెనక్కి నడవాలి. ప్రతి మైల్‌స్టోన్‌కూ జాబితాలో ఒక డెలివరబుల్ దొరకాలి. దొరకకపోతే కొత్త వరుస చేర్చి, అందులో ఏముండాలో కిక్‌ఆఫ్‌లో అడగాలి.

స్కోప్‌లో లేనివాటి జాబితా కూడా డెలివరబుల్స్ చెబుతుంది, అయితే అవతలివైపు డెలివరబుల్స్. "బయోమెట్రిక్ అటెండెన్స్ మెషీన్లతో ఇంటిగ్రేషన్ స్కోప్‌లో లేదు" అని రాసి ఉంది. అటెండెన్స్ లేకుండా ప్లాంటు కార్మికుల జీతం లెక్క కట్టలేం. కాబట్టి ఆ డేటా ప్రతినెలా ఎవరో ఒక ఫైలుగా ఇవ్వాలి. అది క్లయింట్ డెలివరబుల్. దానికి కూడా ఒక నంబర్, గడువు, బాధ్యుడి పేరు, ఫైలు ఫార్మాట్ కావాలి. క్లయింట్ ఇవ్వాల్సినవాటిని వేరే పేజీలో మర్యాదపూర్వకమైన విన్నపాలుగా రాయడం మామూలే, కానీ అలా రాసినవాటిని ఎవరూ ట్రాక్ చేయరు. ఒకే జాబితాలో, ఒకే రకం వరుసలుగా ఉండాలి.

క్రైటీరియా: 1 శాతం దేనిలో?

అంగీకార షరతుకు నాలుగు అంగాలు ఉంటాయి. ఏ డేటా మీద పరీక్షించాలి, ఏ కొలత తీయాలి, ఎంత దాకా పర్వాలేదు, ఎవరు ఎన్ని రోజుల్లో తేల్చాలి. స్ప్రెడ్‌షీట్‌లో వీటికి నాలుగు కాలమ్‌లు పెట్టి, ఒప్పందంలో ఉన్నది మాత్రమే నింపాలి. లేనిచోట "ఖాళీ" అని రాయాలి. సొంతంగా ఒక సబబైన అంకె ఊహించి నింపేస్తే, ఆ గడి నిండుగా కనబడటం వల్ల దాన్ని ఎవరూ మళ్లీ ప్రశ్నించరు. తర్వాత ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

"ప్యారలల్ రన్‌లో తేడా 1 శాతానికి మించరాదు" అన్న షరతును ఈ నాలుగు కాలమ్‌లలో పెట్టి చూద్దాం. కొలత గడిలోనే పని ఆగిపోతుంది. 1 శాతం కంపెనీ మొత్తం జీతాల్లోనా, ఒక్కో ఉద్యోగి జీతంలోనా? సగటు నికర జీతం 30,000 రూపాయలనుకుంటే 1,800 మందికి నెలకు 5 కోట్ల 40 లక్షలు. అందులో 1 శాతం 5 లక్షల 40 వేలు. ఓవర్‌టైమ్ సూత్రం తప్పుగా పెట్టడం వల్ల 200 మందికి తలా 1,500 ఎక్కువ, షిఫ్ట్ అలవెన్సు మరిచిపోవడం వల్ల మరో 200 మందికి తలా 1,500 తక్కువ వచ్చిందనుకోండి. ఎక్కువ వచ్చింది 3 లక్షలు, తక్కువ వచ్చింది 3 లక్షలు, మొత్తం మీద తేడా సున్నా. షరతు నెగ్గింది, 400 మంది జీతాలు తప్పు. గో-లైవ్ తర్వాతి మొదటి జీతం రోజున, తక్కువ వచ్చిన 200 మందీ టైమ్ ఆఫీసు ముందు నిలబడతారు.

అలాగని "ప్రతి ఉద్యోగికీ రూపాయి కూడా తేడా రాకూడదు" అని రాసినా పని జరగదు. రెండు సిస్టమ్‌లు పైసలను వేర్వేరు దశల్లో గుండ్రం చేస్తే రూపాయి, రెండు రూపాయల తేడాలు వందల వరుసల్లో వస్తాయి. పైగా పాత సిస్టమ్ లెక్కే తప్పు కావొచ్చు. వృత్తి పన్ను తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెల జీతం 15,000 దాటితే 150, 20,000 దాటితే 200 రూపాయలు. ఇంక్రిమెంట్‌తో 20,000 దాటిన మనిషికి పాత సిస్టమ్ ఇంకా 150 దగ్గరే ఉందనుకోండి. కొత్త సిస్టమ్ సరిగ్గా 200 కోస్తే పోలిక షీట్‌లో అది తేడాగా కనిపిస్తుంది. పాతదానితో సరిపోలాలన్న షరతును అక్షరాలా అమలు చేస్తే పాత తప్పును కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించినట్టే.

అనుభవం ఉన్న టీములు ఇలాంటి షరతును కిక్‌ఆఫ్‌కు మూడు భాగాలుగా విడదీసి తీసుకెళ్తాయి. ఒకటి, ఉద్యోగి వారీగా నికర జీతంలో తేడా 2 రూపాయల లోపు ఉంటే సరిపోయినట్టు. రెండు, అంతకు మించిన ప్రతి తేడాకూ ఒక కారణం కోడ్ ఉండాలి: గుండ్రం చేయడం, పాత సిస్టమ్ తప్పు, ఇన్‌పుట్ తేడా, కొత్త సిస్టమ్ తప్పు. మూడు, రెండో ప్యారలల్ రన్ ముగిసేసరికి కొత్త సిస్టమ్ తప్పు అన్న కోడ్ కింద వరుసలేవీ మిగలకూడదు, కారణం రాయని వరుసలూ మిగలకూడదు. ఇది ఒప్పందంలో లేదు కాబట్టి ప్రతిపాదన మాత్రమే. క్లయింట్ ఒప్పుకుంటే లిఖితపూర్వకమైన వివరణగా ఎస్‌ఓడబ్ల్యూకు చేరాలి. చెక్‌లిస్ట్‌లో రాసుకున్నంత మాత్రాన ఒప్పందం మారదు.

మిగతా షరతుల్లో "సంతృప్తికరంగా", "యూజర్ ఫ్రెండ్లీగా", "పరిశ్రమ ప్రమాణాలకు అనుగుణంగా" అన్న మాటలున్నచోట కొలత గడి ఎప్పుడూ ఖాళీయే. ట్రైనింగ్‌కు షరతు "కీలక యూజర్లకు శిక్షణ పూర్తి కావాలి" అని ఉంది. కీలక యూజర్లు ఎంతమందో, రెండు ప్లాంట్లలోనూ చెప్పాలో, తెలుగులో చెప్పాలో ఇంగ్లిష్‌లో చెప్పాలో లేదు. ప్లాంటు టైమ్ ఆఫీసు సిబ్బందికి చెప్పే పాఠాలైతే భాష చిన్న విషయం కాదు. ట్రైనింగ్ మెటీరియల్ రెండు భాషల్లో తయారు చేయడమంటే పని దాదాపు రెట్టింపవుతుంది.

నాలుగో అంగం, అంటే ఎవరు ఎన్ని రోజుల్లో తేల్చాలి అన్నది, చాలాసార్లు డీమ్డ్ యాక్సెప్టెన్స్ క్లాజుగా ఉంటుంది. 5 పనిదినాల్లో అభ్యంతరం రాకపోతే ఒప్పుకున్నట్టే అని. ఇక్కడ పనిదినం ఎవరిది అన్న ప్రశ్న తప్పక అడగాలి. ఐటీ సంస్థకు శనివారం సెలవు, ప్లాంటుకు కాదు. 2026 జనవరి 12, సోమవారం నాడు ఒక పత్రం పంపారనుకుందాం. శని, ఆదివారాలు తప్ప మరేమీ తీసేయకుండా లెక్కిస్తే గడువు 19, సోమవారంతో ముగుస్తుంది. క్లయింట్ క్యాలెండర్ ప్రకారం ఆదివారం మాత్రమే వారాంతపు సెలవై, భోగి, సంక్రాంతి, కనుమ మూడూ సెలవులైతే గడువు 21, బుధవారం దాకా ఉంటుంది. 20న వచ్చిన అభ్యంతరం సకాలంలో వచ్చిందా లేదా అన్నది ఈ రెండు లెక్కల్లో దేన్ని పాటిస్తామో ముందే రాసుకున్నదాన్ని బట్టే తేలుతుంది. షీట్‌లో గడువు తేదీని చేత్తో రాయకుండా, సెలవుల జాబితా వేరే ట్యాబ్‌లో పెట్టి ఇలా తీయొచ్చు. ఇందులో 11 అంటే వారాంతం ఆదివారం ఒక్కటే అని:

```
=WORKDAY.INTL(E2, 5, 11, Holidays!$A$2:$A$30)
```

షరతే లేని డెలివరబుల్స్‌ను పట్టుకోవడానికీ ఒక చిన్న సూత్రం చాలు. డెలివరబుల్ నంబర్లు A కాలమ్‌లో, క్రైటీరియా ట్యాబ్‌లో ప్రతి షరతు పక్కనా అది ఏ డెలివరబుల్‌దో B కాలమ్‌లో రాసి ఉంటే:

```
=IF(COUNTIF(Criteria!$B:$B, A2)=0, "NO TEST", "")
```

మన ఎస్‌ఓడబ్ల్యూలో ఈ సూత్రం కటోవర్ ప్లాన్, మూడేళ్ల పేస్లిప్ చరిత్ర, ఈసీఆర్ ఫైలు దగ్గర వెలుగుతుంది. స్టేటస్ రిపోర్ట్ దగ్గర కూడా వెలుగుతుంది, దానికి షరతు అక్కర్లేదు. ఈసీఆర్ ఫైలుకు మాత్రం తప్పక కావాలి. పీఎఫ్ చెల్లింపు తర్వాతి నెల 15లోగా జరగాలి. ఫైలును ఈపీఎఫ్‌ఓ పోర్టల్ తప్పులు చూపకుండా తీసుకోవడమే దానికి సహజమైన పరీక్ష. అయితే అదే నెలకు పాత సిస్టమ్ ఫైలుతో చెల్లింపు అవుతుంది కాబట్టి ప్యారలల్ రన్ కాలంలో కొత్త ఫైలును నిజంగా ఫైల్ చేసి చూడలేం. పాత ఫైలుతో సభ్యుల వారీగా పోల్చడం ఒక్కటే దారి. అసలు పరీక్ష ఏప్రిల్ జీతాల తర్వాత, మే 15లోగా జరుగుతుంది. ఈ మాట కిక్‌ఆఫ్‌లోనే చెబితే ఆ డెలివరబుల్ ఆమోదం గో-లైవ్ తర్వాతకి వాయిదా పడుతుంది, దానికి ముడిపడిన చెల్లింపూ వాయిదా పడుతుంది. ఫైనాన్స్ వాళ్లకు అది ముందే తెలియాలి.

అజంప్షన్స్: ఎవరో చేయాల్సిన పని, ఎప్పుడో మారే లోకం

అజంప్షన్స్ పేజీలో వాక్యాలు ఎక్కువగా కర్త కనబడకుండా రాస్తారు. "శుభ్రమైన డేటా అందుబాటులో ఉంటుంది", "ఆమోదాలు సకాలంలో లభిస్తాయి", "పాత సిస్టమ్‌కు యాక్సెస్ ఉంటుంది". మొదటి పని ప్రతి వాక్యానికీ కర్తను వెతకడం. కర్త దొరికితే అది నిజానికి అజంప్షన్ కాదు, క్లయింట్ బాధ్యత. దాన్ని డెలివరబుల్స్ జాబితాలోకి క్లయింట్ పేరు మీద పంపాలి. శుభ్రమైన డేటా అంటే ఉద్యోగుల మాస్టర్‌లో యూఏఎన్, పాన్, బ్యాంక్ ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ, చేరిన తేదీ గడులు ఖాళీ లేకుండా, డూప్లికేట్లు లేకుండా ఇవ్వడం. ఎవరు, ఏ తేదీకి, ఏ ఫార్మాట్‌లో, ఎవరు సరిచూస్తారు అని నాలుగు గడులు నిండితే ఆ వాక్యానికి పట్టు దొరుకుతుంది.

దీనికి చట్టం దన్ను కూడా ఉంది. పని చేయడానికి కావాల్సిన సౌకర్యాలు చేయించుకునేవాడు ఇవ్వకపోతే, అందువల్ల జరగని పనికి చేసేవాడు బాధ్యుడు కాడని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 67వ సెక్షన్ చెబుతుంది. చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణలో ఇంటికి రిపేర్లు ఒప్పుకున్నవాడికి ఎక్కడెక్కడ రిపేరు కావాలో యజమాని చూపించడు. అయితే ఈ రక్షణ అక్కరకు రావాలంటే ఏం అడిగామో, ఎప్పటికి అడిగామో, రాకపోవడం వల్ల ఏ పని ఆగిందో చూపించగలగాలి. చెక్‌లిస్ట్‌లోని క్లయింట్ వరుసలు, వాటి తేదీలు ఆ ఆధారమే. "సకాలంలో" అన్న మాట ఒక్కటే ఉంటే చూపించడానికి ఏమీ ఉండదు.

రెండో రకం అజంప్షన్లు పరిమాణాలు. 1,800 మంది ఉద్యోగులు, 25 వరకు రిపోర్టులు, రెండు ప్యారలల్ రన్‌లు. ఇవి ధర లెక్కలోకి నేరుగా వెళ్లిన అంకెలు. ప్రతి అంకె పక్కనా కిక్‌ఆఫ్ నాటి వాస్తవ అంకె రాయాలి. 1,800లో కాంట్రాక్ట్ కార్మికులు ఉన్నారా అన్న ఒక్క ప్రశ్నకే ప్రాజెక్టు పరిమాణం మారిపోవచ్చు. మూడో ప్యారలల్ రన్ అవసరమైతే దాని ఖర్చు ఎవరిదన్నది రెండో రన్ విఫలమైన కారణాన్ని బట్టి ఉంటుంది. పై కారణం కోడ్‌లు అప్పుడు కూడా పనికొస్తాయి.

మూడో రకమే అసలు చిక్కు: ఎవరి చేతిలోనూ లేని లోకపు స్థితి. మన ఎస్‌ఓడబ్ల్యూలో ఇలాంటివి రెండున్నాయి.

మొదటిది, "సంతకం నాటికి అమలులో ఉన్న చట్టాల ప్రకారం కాన్ఫిగరేషన్ జరుగుతుంది." 2025 సెప్టెంబర్ నాటికి ఆదాయపన్ను చట్టం 2025 ఆమోదం పొంది ఉంది, అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి అని అందరికీ తెలుసు. గో-లైవ్ కూడా అదే రోజు. వాక్యాన్ని అక్షరాలా చదివితే, ఏప్రిల్ 1న రద్దయ్యే పాత చట్టానికి సిస్టమ్ సిద్ధం చేయాలి! క్లయింట్ అలా అనుకోదు, వెండర్ ధరలో కొత్త చట్టం పని లేకపోవచ్చు. ఇది కిక్‌ఆఫ్ నాడే తేల్చుకోగల విషయం, ఎందుకంటే తేదీ ముందే తెలుసు. నాలుగు లేబర్ కోడ్‌ల సంగతి వేరు. పార్లమెంటు వాటిని 2019, 2020లలో ఆమోదించింది, అమలు తేదీ మాత్రం ఏళ్ల తరబడి రాలేదు. కిక్‌ఆఫ్ అయిన కొన్ని వారాలకు, 2025 నవంబర్ 21న అవి అమల్లోకి వచ్చాయి. కొత్త నిర్వచనం ప్రకారం వేతనంలో కలవని అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. బేసిక్ తక్కువగా, అలవెన్సులు ఎక్కువగా ఉన్న జీతాల నిర్మాణాలకు గ్రాట్యుటీ లాంటి లెక్కలన్నీ మళ్లీ చూడాల్సిందే. ఇలాంటి అజంప్షన్‌కు తేదీ రాయలేం, కానీ ఎవరు కనిపెట్టుకుని ఉండాలి, మారితే ఎన్ని రోజుల్లో ప్రభావ అంచనా ఇవ్వాలి, ఆ అంచనా తయారు చేసే ఖర్చు ఎవరిది అన్న మూడూ రాయొచ్చు. ఈ మూడు గడులు అక్టోబర్‌లో నిండి ఉంటే నవంబర్ 22న ఏం చేయాలో టీమ్‌కు తెలిసి ఉంటుంది.

రెండో వాక్యం అమాయకంగా కనిపిస్తుంది: "గో-లైవ్ ఆర్థిక సంవత్సరం మొదటి రోజున జరుగుతుంది కనుక నడుస్తున్న సంవత్సరపు జీతాల మొత్తాలను మార్చాల్సిన అవసరం లేదు." జీతాల మీద టీడీఎస్ ఏడాది మొత్తం ఆదాయాన్ని అంచనా కట్టి నెలలకు పంచే లెక్క. ఏప్రిల్ 1న మొదలుపెడితే ప్రతి ఉద్యోగి లెక్కా సున్నా నుంచి మొదలవుతుంది. గో-లైవ్ జూన్‌కు జరిగితే ఏప్రిల్, మే జీతాలు పాత సిస్టమ్‌లో పడి ఉంటాయి. 1,800 మందికీ రెండు నెలల స్థూల జీతం, కోసిన పన్ను, పీఎఫ్, వృత్తి పన్ను, పన్ను ఆదా డిక్లరేషన్లు అన్నీ కొత్త సిస్టమ్‌లోకి తెచ్చి, ఉద్యోగి వారీగా సరిపోల్చాలి. దీనికి ఫార్మాట్ కావాలి, పరీక్ష కావాలి, రెండు వారాలో మూడు వారాలో పని కావాలి. ఒప్పందంలో ఇవేవీ లేవు. రెండు నెలల ఆలస్యం అనుకున్నది, ఆ ఆలస్యం పుట్టించిన పనితో ఇంకా పెరుగుతుంది.

ఇదే తేదీకి ముడిపడిన మరో పని పాత సిస్టమ్ వైపు ఉంది. గడిచిన సంవత్సరపు చివరి త్రైమాసికం టీడీఎస్ రిటర్న్ మే 31లోగా, ఉద్యోగులకు ఫారం 16 జూన్ 15లోగా ఇవ్వాలి. ఆ లెక్కలన్నీ పాత సిస్టమ్‌లోనే ఉంటాయి. కొత్తది ఏప్రిల్ 1న వస్తుందన్న నమ్మకంతో పాతదాని నిర్వహణ ఒప్పందం మార్చి 31తో ముగిసేలా క్లయింట్ ఐటీ విభాగం ఏర్పాటు చేసుకుంటే, జూన్‌లో ఫారం 16 తీయడానికి మనిషి ఉండడు. "పాత సిస్టమ్‌కు యాక్సెస్ ఉంటుంది" అన్న వాక్యం పక్కన "ఏ తేదీ వరకు" అని ఒక గడి ఉంటే ఇది అక్టోబర్‌లోనే బయటపడుతుంది. జూన్ చివరి వరకు పొడిగించడం అప్పటికి ఒక మెయిల్ పని.

కాబట్టి అజంప్షన్ వరుసలో కర్త, తేదీ కాకుండా మరో గడి తప్పనిసరి: ఇది తప్పితే ఏ డెలివరబుల్ మారుతుంది, లేదా ఏ కొత్త డెలివరబుల్ పుడుతుంది. ఈ గడి నింపలేని అజంప్షన్ చాలామటుకు ఏ ప్రాజెక్టుకైనా అతికే కాపీ పేస్ట్ వాక్యం. దానికి సమయం పెట్టనక్కర్లేదు.

మీటింగ్‌కు ఏం తీసుకెళ్లాలి

వందల వరుసల షీట్‌ను కిక్‌ఆఫ్‌లో తెర మీద పెడితే మొదటి పావుగంటకే గది చేజారుతుంది. నాలుగు గడుల్లో ఏదో ఒకటి ఖాళీగా ఉన్న వరుసలను మాత్రం వేరు చేసి, ఒక్కోటి క్లయింట్‌కు అర్థమయ్యే ప్రశ్నగా మార్చి, మీటింగ్‌కు మూడు పనిదినాల ముందే పంపాలి. మన ఎస్‌ఓడబ్ల్యూ నుంచి ఇలాంటివి పదిహేను, ఇరవై వస్తాయి. వరుస క్రమం క్లాజు నంబర్లది కాకూడదు, ఏది ముందుగా దెబ్బ తీస్తుందో దాన్ని బట్టి ఉండాలి. మాస్టర్ డేటా తేదీ నవంబర్‌లో ఉంటే అది పైన, వారంటీ రిజిస్టర్ కింద. ప్రశ్న రూపం కూడా ముఖ్యం. "1 శాతం అంటే ఏమిటి?" అని అడిగితే "మీరే చెప్పండి" అని సమాధానం వస్తుంది. 400 మంది ఉదాహరణ రెండు వాక్యాల్లో చెప్పి, "ఉద్యోగి వారీగా 2 రూపాయలు, కారణం కోడ్‌లతో" అని ప్రతిపాదించి, అవునా కాదా అని అడిగితే హెచ్‌ఆర్, ఫైనాన్స్ ఇద్దరూ అక్కడికక్కడే మాట్లాడతారు.

గదిలో నిర్ణయించగల మనిషి ఉన్నారా లేదా అన్నది ముందురోజే తెలుసుకోవాలి. పేరోల్ ప్రాజెక్టులో ప్యారలల్ రన్ షరతును హెచ్‌ఆర్ హెడ్ ఒప్పుకున్నా, సంతకం చేసేది ఫైనాన్స్ కంట్రోలర్ అయితే ఆ ఒప్పుకోలుకు విలువ తక్కువ.

మీటింగ్ ముగిశాక ప్రతి ప్రశ్నా మూడు దారుల్లో ఒకదానిలో వెళ్తుంది. ఉన్న వాక్యానికి అర్థం స్పష్టం చేసుకున్నవి మినిట్స్‌లో క్లాజు నంబర్‌తో రాసి, రెండు వైపులా అధీకృత వ్యక్తులు మెయిల్‌లో ధ్రువీకరించాలి. మాస్టర్ అగ్రిమెంట్‌లో సవరణలు సంతకం చేసిన పత్రంతోనే చెల్లుతాయన్న క్లాజు ఉంటే మెయిల్ సరిపోదు, చిన్న వివరణ లేఖ మీద సంతకాలు తీసుకోవాలి. ధర, గడువు, పరిమాణం మారేవి చేంజ్ రిక్వెస్ట్‌గా వెళ్లాలి, ఎంత చిన్నవైనా. తేలనివి ఓపెన్‌గానే ఉంటాయి, కానీ బాధ్యుడి పేరు, తేల్చాల్సిన చివరి తేదీ లేకుండా కాదు. ఆ చివరి తేదీ ఆ ప్రశ్న మీద ఆధారపడిన మొదటి పని మొదలయ్యే రోజుకు కనీసం ఒక పరిశీలన గడువంత ముందు ఉండాలి. జనవరి జీతాల ప్యారలల్ రన్ ఫిబ్రవరి మొదటివారంలో జరిగితే, 1 శాతం సంగతి జనవరి 20 నాటికి కాగితం మీదకు రావాలి. రాకపోతే రన్ మొదలుపెట్టే ముందు స్టీరింగ్ కమిటీకి ఆ వరుస ఒక్కటే పంపి నిర్ణయం అడగాలి, ఎందుకంటే ఫలితాలు చూశాక రాసిన కొలత మీద రెండు వైపులూ ఏకీభవించడం చాలా కష్టం.